శనివారం చీటీలు

పాతబస్తీలో ఆ సర్కారు దవాఖానాకు వచ్చే వాళ్ల రక్తమంతా పందొమ్మిదేళ్లుగా అచ్యుతరామయ్య చేతుల మీదుగానే పోతోంది. అయినా దవాఖానాలో ఆయన మాట విన్నవాడు ఒక్కడూ లేడు. లాబ్ టెక్నీషియన్ అంటే సూది గుచ్చేవాడు, గొట్టం ఊపేవాడు, చీటీ రాసేవాడు, అంతే. తెనాలి పక్కనుంచి ఉద్యోగం కోసం వచ్చి మొఘల్‌పురాలో రెండు గదుల వాటాలో స్థిరపడ్డ మనిషి. రోజంతా నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు ఉబ్బిపోయాయి. సాయంత్రం ఇంటికి చేరేసరికి భార్య వెంకటలక్ష్మి వేణ్ణీళ్ల బకెట్టు పెట్టి ఉంచుతుంది. ఆ బకెట్టులో కాళ్లు పెట్టుకునే క్షణం కోసమే ఆయన మధ్యాహ్నం నుంచీ బతుకుతుంటాడు. ఇంతకు మించిన ఆశలు ఆయనకు ఎప్పుడో అరిగిపోయాయి.

శనివారమంటే మరీ విసుగు. ఆ రోజు గోలీలవాళ్లు వస్తారు. గుండె జబ్బుతోనో, కాళ్లలో రక్తం గడ్డకట్టిన జబ్బుతోనో ఉండి వార్డు నుంచి ఇంటికి పోయినవాళ్లు, రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ గోలీ మింగేవాళ్లు. పదిహేను రోజులకోసారి వచ్చి లాబ్ ముందు బల్ల మీద వరసగా కూర్చుంటారు. ఓ.పి.లో వాళ్ల చీటీ మీద రబ్బరు ముద్ర గుద్ది పంపుతారు: బి.టి., సి.టి. అంటే చెవి తమ్మె మీద గుచ్చితే నెత్తురు ఎంతసేపటికి ఆగింది, గాజు గొట్టంలో పోస్తే ఎంతసేపటికి గడ్డకట్టింది అని. పన్ను పీకించుకునేవాడికీ అదే ముద్ర, గొంతులో గడ్డలు కోయించుకునే పిల్లకీ అదే ముద్ర, గోలీలవాళ్లకీ అదే ముద్ర. ఆ ముద్ర గుద్దే గుమాస్తాకు చెయ్యి తప్ప బుర్రతో పనిలేదు.

అచ్యుతరామయ్యకు మాత్రం తెలుసు, ఆ ముద్ర గోలీలవాళ్లకు పనికిరాదని. తెలిసే ఊరుకున్నాడు. ఈ కథలో ఆయన తప్పేమిటంటే అదే, ముందే చెప్పేస్తే మంచిది.

ఊరుకోవడానికి ముందు ఒకసారి నోరు విప్పాడు, ఆగస్టులో. లాబ్ పెద్ద డాక్టర్ ఆదిశేషయ్య ముందు చేతులు కట్టుకు నిలబడి, "వార్ఫరిన్ వాళ్లకు ప్రోత్రాంబిన్ టైమ్ చెయ్యాలి కదండీ, క్లాటింగ్ టైమ్ చేసి ఏం లాభం" అన్నాడు. ఆ ప్రోత్రాంబిన్ పరీక్షకు కుందేలు మెదడు నుంచి తీసిన పొడి కావాలి. అది బొంబాయి నుంచి రావాలి, వచ్చినా నెలకు నాలుగైదు సీసాలే వస్తాయి. సీసా మూత తీసి ఉప్పునీళ్లలో కలిపితే ఆ ఒక్కరోజే పనికొస్తుంది. అందుకని మంగళవారం మంగళవారం ఒక్క సీసా తెరిచి, వార్డులో పడుకున్నవాళ్లకు మాత్రమే చెయ్యాలని ఆదిశేషయ్య నియమం పెట్టాడు. ఆయన కళ్లజోడు మీదనుంచి చూసి, "చీటీ మీద ఏముంటే అది చెయ్యండి. మీరు డాక్టరు కారు" అన్నాడు. అచ్యుతరామయ్య వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టయిందని తిట్టుకున్నాడు గాని, రెండోసారి అడగలేదు.

నవంబరు ఆరు, డెబ్బై ఆరో సంవత్సరం, శనివారం. పొద్దుటి నుంచి హౌస్ సర్జన్ శ్రీహరిరావు లాబ్‌లోనే ఒక మూల కుర్చీలో కూలబడి ఉన్నాడు. కుర్రవాడు మంచివాడే గాని నిద్రలేదు. ముప్పై గంటల డ్యూటీ, ఆ పైన పై చదువు పరీక్షకు తయారీ. మలేరియా స్లైడు కోసం వచ్చి, అది ఎండేలోగా నోటుపుస్తకం తెరిచి వల్లెవేస్తున్నాడు.

"హెపారిన్‌కు వార్ఫరిన్‌కు భేదాలు రాయుము. ప్రతి ఏడూ ఇస్తున్నారు మామగారూ ఈ ప్రశ్న. పని చేసే తీరు, పరీక్ష, విరుగుడు. మూడు వరసల పట్టిక. నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

"నిద్రపోతే గదా లేపడానికి" అన్నాడు అచ్యుతరామయ్య, చుట్టరికం లేకపోయినా కుర్ర డాక్టర్లందరికీ మామగారు.

పదకొండు గంటలకు బల్ల మీద చంద్రమ్మ వంతు వచ్చింది. ఫలక్‌నుమా దగ్గర రైల్వే గ్యాంగులో పనిచేసే ఓదెలు భార్య. జూన్‌లో, గుండె కవాటం బిగుసుకుపోయి లోపల పేరుకున్న రక్తపు గడ్డ ఒకటి కాలికి కొట్టుకొచ్చి అడ్డంపడితే, కాలు చల్లబడి వార్డులో చేరింది. పది రోజులు హెపారిన్ సూదులు, తర్వాత గోలీలు. కాలు దక్కింది. అప్పట్నుంచీ ఒక్క శనివారం తప్పలేదు. ఎప్పుడూ నవ్వుతూ వచ్చే మనిషి ఆ రోజు ముక్కు దగ్గర కొంగు అదిమిపట్టుకుని వచ్చింది. కొంగు ఎర్రగా తడిసి ఉంది.

"ఏమైందమ్మా?"

"పొద్దుగాల్ల సంది కారుతనే ఉన్నది సారూ. పండ్లు తోముకుంటె పండ్లల్లకెళ్లి గూడ నెత్తురు."

పక్కన నిలబడ్డ ఓదెలు మెల్లగా అన్నాడు, "రెండు దినాలాయె, నల్లగ పోతున్నదట కడుపు. నాకు రాత్రి చెప్పింది. మస్తు ఫికరైతున్నది సార్."

అచ్యుతరామయ్య ఆమె చెయ్యి తీసుకున్నాడు. మోచేతి కింద నీలం మచ్చలు, అరచేతంతేసి. సూది గుచ్చి రక్తం తీసి దూది పెట్టి గట్టిగా అదమమన్నాడు. రక్తాన్ని గాజు గొట్టాల్లో పోసి వేడినీళ్ల తొట్టిలో పెట్టి, అరనిమిషానికోసారి వంచి చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిదిన్నర నిమిషాలకు గొట్టం తలకిందులు చేసినా రక్తం జారలేదు, గడ్డకట్టింది. ఐదు నుంచి పది నిమిషాల లోపు అయితే నార్మల్. అలవాటుగా పెన్ను తీసి చీటీ మీద 'సి.టి. తొమ్మిదిన్నర నిమిషాలు, నార్మల్' అని రాసి తల ఎత్తాడు. సూది గుచ్చి పావుగంట దాటింది. దూది నిండిపోయి మోచేతి మీదుగా నెత్తురు ఇంకా కారుతోంది.

ఆయన తన చేతిలో చీటీ చూసుకున్నాడు, ఆమె చెయ్యి చూశాడు. ఏం రాశానురా భగవంతుడా అనుకున్నాడు.

శ్రీహరిరావు లేచి వచ్చి చూసి ఇంకేం అడగకుండా ఆమెను స్ట్రెచరు మీద వార్డుకు పంపించాడు, వెనకే తనూ పరుగెత్తాడు. అచ్యుతరామయ్య తన పాత రిజిస్టరు తిరగేశాడు. చంద్రమ్మ పేరు ఎదుట ఏడు నిమిషాలు, ఎనిమిది, ఏడున్నర, అన్నీ నార్మల్. ఆమె తెచ్చిన ఓ.పి. పుస్తకం బల్ల మీదే మరిచిపోయింది. అది తెరిచాడు. ప్రతి నార్మల్‌కూ ఎదురుగా ఓ.పి. డాక్టరు ఎవరో, వారానికొకరు మారతారు, అందరూ ఒకే ధోరణిలో రాసుకుంటూ పోయారు. రక్తం ఇంకా పలచబడలేదు, గోలీ పెంచాలి. ఐదు మిల్లీగ్రాములు ఏడున్నర అయింది, ఏడున్నర పది అయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఎవరి మీద పుట్టిందో గాని, ఆ మందుకు చీటీ రాసిచ్చింది తనే.

కాళ్ల నొప్పి మరిచిపోయి వార్డుకు నడిచాడు.

అక్కడ నర్సు కళావతి చంద్రమ్మ జూన్ నాటి పాత కేసుషీటు వెతికి తెచ్చి పెట్టింది. దాని మీద పైనే ఎర్ర సిరాతో హెపారిన్ అని పెద్దక్షరాలు. శ్రీహరిరావు దాన్ని చూశాడు, లాబ్ చీటీ కోసం చూశాడు, కళ్లు నులుముకున్నాడు. కళావతి అప్పటికే ప్రోటమిన్ మందు సిరంజిలోకి ఎక్కిస్తోంది.

"డాక్టరుగారూ, ఒక ప్రశ్న" అన్నాడు అచ్యుతరామయ్య.

"ఇప్పుడా మామగారూ? మనిషి పోయేట్టుంది."

"అందుకే ఇప్పుడు. హెపారిన్ ఎలా పనిచేస్తుంది?"

విసుగుతోనే నోరు దానంతటది అందుకుంది. "రక్తంలో సహజంగా ఉండే ఆంటీథ్రాంబిన్‌కు బలమిస్తుంది. అది గడ్డకట్టించే థ్రాంబిన్‌ను పట్టేస్తుంది. నరంలోకి ఎక్కించగానే పని మొదలు, కొన్ని గంటల్లో పోతుంది."

"పరీక్ష?"

"క్లాటింగ్ టైమ్."

"విరుగుడు?"

"ప్రోటమిన్. హెపారిన్‌కు అతుక్కుని దాన్ని చెల్లకుండా చేస్తుంది." సిరంజి కోసం చెయ్యి చాపాడు.

"ఈమెకు ఆఖరి హెపారిన్ సూది ఎప్పుడు వేశారు?"

శ్రీహరిరావు షీటు తిరగేశాడు. "జూన్ ఇరవై మూడు." చాచిన చెయ్యి అక్కడే ఆగింది.

"నాలుగున్నర నెలల కిందట. మరి ఇప్పుడు ఆమె ఒంట్లో ఉన్నదేమిటి?"

కుర్రవాడి మొహంలో నిద్ర దిగిపోయింది. తర్వాతి వరస తనే చెప్పుకున్నాడు, నెమ్మదిగా, పరీక్షలో కాకుండా నిజంగా మొదటిసారి వింటున్నట్టు. "వార్ఫరిన్. రక్తంలో కాదు, కాలేయంలో పనిచేస్తుంది. వాడిన విటమిన్ కె మళ్లీ పనికి రాకుండా అడ్డంపడుతుంది. అది లేక గడ్డకట్టించే పదార్థాల్లో నాలుగు రకాలు, అంటే రెండో, ఏడో, తొమ్మిదో, పదో నంబరువి, సరిగా తయారుకావు. పరీక్ష ప్రోత్రాంబిన్ టైమ్. విరుగుడు విటమిన్ కె."

"ఆ పరీక్ష ఈమెకు వార్డు నుంచి పోయిన రోజు ఒక్కసారి చేశాం. తర్వాత చెయ్యలేదు. మీ చేతికి నేనివ్వబోయిన చీటీ అబద్ధం కాదు, కాని అది వేరే మందుకు రాయాల్సిన చీటీ. ఏడో పదార్థం అడుగంటినా నా గాజు గొట్టానికి తెలియదు."

"ఏంది సార్, ఇది ఇయ్యొద్దా?" కళావతి సిరంజి పట్టుకుని అడిగింది.

"వద్దు" అన్నాడు శ్రీహరిరావు. "హెపారిన్ లేని ఒంట్లోకి అది ఎక్కిస్తే రక్తపు పోటు పడిపోవచ్చు, నెత్తురు ఇంకా కారొచ్చు. గోరుచుట్టు మీద రోకటిపోటు." సిరంజి ట్రేలో పెట్టించాడు. "మామగారూ, పరీక్ష చేసి పెట్టండి. మీరు తేల్చేదాకా నేను ఆగను, విటమిన్ కె మొదలుపెడతాను. కాని ఎంత ముదిరిందో నాకు తెలియాలి, నెత్తురు ఎన్ని సీసాలు కావాలో."

లాబ్‌లో ఐసుపెట్టె అడుగున మంగళవారం సీసా ఉంది. ఆదిశేషయ్య పన్నెండింటికే కారెక్కి వెళ్లిపోయాడు. అడగడానికి మనిషి లేడు, ఉన్నా అచ్యుతరామయ్య అడిగేవాడు కాదేమో. మూత తీశాడు. ముందు తన చేతి రక్తమే తీసుకుని దానితో సరిచూశాడు. పొడి ద్రావకం, కాల్షియం పడిన పదమూడు సెకన్లకు, రక్తం మీద తేరిన ప్లాస్మాలో దారం లాంటి గడ్డ కనబడింది. సరిగ్గా ఉంది. తర్వాత వార్డులో కొత్తగా తీసుకొచ్చిన చంద్రమ్మది. పదమూడు దాటింది, ముప్పై దాటింది. గోలీ మింగేవాళ్లకు ముప్పై లోపు ఉండాలి. నలభై, యాభై. గొట్టం వంచుతూనే ఉన్నాడు. ఎనభై రెండు దగ్గర ఆగింది. నమ్మలేక మళ్లీ చేశాడు. ఎనభై ఒకటి.

చీటీ కాదు, తనే వెళ్లి చెప్పాడు.

విటమిన్ కె అప్పటికే ఉప్పునీళ్లలో కలిపి చాలా నెమ్మదిగా ఎక్కిస్తున్నారు. కాని అది లోపలికి పోగానే జరిగే మాయ కాదు, కాలేయం మళ్లీ ఆ నాలుగూ తయారుచెయ్యాలంటే గంటలు పడుతుంది. అందాకా కొత్త నెత్తురు కావాలి, అందులో ఆ పదార్థాలు సిద్ధంగా ఉంటాయి గనక. ఓదెలు చొక్కా చెయ్యి పైకి మడిచి నిలబడ్డాడు. గ్రూపు కలిసింది. అతని వెంట వచ్చిన గ్యాంగు మనిషి కైలాసానిదీ కలిసింది. అచ్యుతరామయ్యే తీశాడు, తనే సరిచూశాడు. సాయంత్రం ఐదింటికి ముక్కు నుంచి కారడం ఆగింది. ఆదివారం పొద్దున ఇంకో సీసా తెరిచి మళ్లీ పరీక్ష చేస్తే ఇరవై రెండు సెకన్లు. ఆయన ఆ రాత్రి వేణ్ణీళ్ల బకెట్టులో కాళ్లు పెట్టుకోకుండానే పడుకున్నాడు.

సోమవారం ఆదిశేషయ్య మెమో ఇచ్చాడు, అనుమతి లేకుండా రెండు సీసాలు తెరిచినందుకు. అచ్యుతరామయ్య జవాబు రాయలేదు. చంద్రమ్మ ఓ.పి. పుస్తకం, తన రిజిస్టరు పక్కపక్కన తెరిచి ఆయన బల్ల మీద పెట్టాడు. పెద్దాయన రెంటినీ తారీఖుల వారీగా సరిపోల్చి చూశాడు. మెమో వెనక్కి తీసుకోలేదు, కాని బుధవారం నుంచి ఆ రబ్బరు ముద్ర గోలీలవాళ్ల చీటీల మీద పడలేదు. మంగళవారం సీసా వాళ్లకూ అని నోటి మాటగా చెప్పించాడు. ఆగస్టులో దొరకని దయ నవంబరులో దొరికింది, ఒక మనిషి ఒంట్లో నెత్తురు సగం పోయాక.

గురువారం చంద్రమ్మ మంచం మీద లేచి కూర్చుంది. ఆమెకు గోలీ పూర్తిగా మానెయ్యడానికి వీల్లేదు, కవాటం అలాగే ఉంది. తక్కువ మోతాదుతో, మంగళవారం పరీక్షతో మళ్లీ మొదలుపెట్టాలి. అచ్యుతరామయ్యను చూసి వంగబోయింది.

"నీ పుణ్యం సారూ, బతికిన."

ఆయనకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అబద్ధపు పుణ్యం మోసే ఓపిక ఆయనకు లేదు. "నా పుణ్యం కాదమ్మా. నీకు నాలుగు నెలలు చెయ్యాల్సిన పరీక్ష చెయ్యలేదు. నాకు తెలుసు. తెలిసే నార్మల్ అని రాశాను" అన్నాడు.

చంద్రమ్మ ఆయన్ని తిట్టలేదు. ఇంకో సంగతి అడిగింది, "మరి ఇస్సాకన్నకు గూడ గట్లనే రాసినవా సారూ? నా పక్కపొంటి కూసుండేటోడు. రెండు మాట్లాయె, వస్తలేడు."

రిజిస్టరులో గోలీలవాళ్ల పేర్లు పదకొండున్నాయి. ఆ సాయంత్రమే శ్రీహరిరావు కూర్చుని అందరికీ కార్డులు రాశాడు, మంగళవారం రమ్మని. తొమ్మిదిమంది వచ్చారు. చంద్రమ్మ వార్డులోనే ఉంది. వచ్చినవాళ్లలో ఇద్దరికి యాభై దాటింది, గోలీ ఆపి విటమిన్ కె ఇచ్చి పంపారు. ఇస్సాకు రాలేదు. బుధవారం డ్యూటీ దిగాక అచ్యుతరామయ్య ఇంటికి పోకుండా దబీర్‌పురా రైల్వే గేటు వైపు నడిచాడు.

ఇస్సాకు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. క్వార్టర్ల వరసలో అతని ఇల్లు చెప్పడానికి ఎవరూ తడుముకోలేదు. అతని భార్య ఆగమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మెడలో ఏమీ లేదు. ఆమె చెప్పకముందే ఆయనకు అర్థమైంది.

"అక్టోబర్ పందొమ్మిది నాడు పోయిండు సార్. తల నొస్తున్నదన్నడు, వాంతి చేసుకున్నడు, గంతే, మాట పడిపోయింది. తలల నరం పగిలిందన్నరు." ఆమె లోపలికి పోయి బైబిలు తెచ్చింది. అందులోంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీసింది. "నువ్వు దవాఖాన సారువే కదా. ఇది జర చదువు. పిలగాండ్లకు ఇంగ్లీషు రాదు."

అది తన చేతిరాతే. అక్టోబర్ తొమ్మిది. "సి.టి. ఏడు నిమిషాలు. నార్మల్" అని చదివాడు.

"గదే సార్. ఆయన పోయినంక అందరు ఒకటే లొల్లి. గోలీలు సక్కగ మింగకపోవచ్చు, తాగి ఉండొచ్చు అని. నేనేమో ఈ కాయితం సూపెడుతున్న. రిపోర్టు మంచిగున్నదని ఆయననే చెప్పిండు, ఒక్క గోలీ తప్పలేదు అని."

ఈ చీటీయే ఇప్పుడు ఆమెకు మొగుడి పరువు. దాన్ని పీకేసే మాట చెప్పి తీరాలి, చెప్పకుండా వెళ్లిపోవడానికి కూడా దారి ఉంది. పందొమ్మిదేళ్ల అలసట అంతా ఒక్కసారి మీద పడ్డట్టయి అచ్యుతరామయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు. అక్కడే కూర్చుని చెప్పాడు. ఆ పరీక్ష ఇస్సాకు మందును చూపించేది కాదని, అది చూసి గోలీ పెంచుకుంటూ పోయారని, ఒక్క గోలీ తప్పకుండా మింగడమే అతని ప్రాణం మీదికి తెచ్చిందని, ఆ సంగతి తనకు ఆగస్టులోనే తెలుసని. దాచుకోవడానికి ఏమీ మిగల్చలేదు.

ఆగమ్మ చేటలో బియ్యం వైపే చూస్తూ వింది. ఆమె ఏడుస్తుందని, కొడుతుందని, జనాన్ని పిలుస్తుందని ఆయన ఎదురుచూశాడు. అలాంటిదేదైనా జరిగితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"అయితె ఆయన తప్పేం లేదన్నట్టు" అంది చివరికి.

"లేదమ్మా. ఆయన తప్పు ఏమీ లేదు."

ఆమె చీటీ వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టింది. "గట్లయితె గది గూడ రాసియ్యి సార్. తెలుగుల రాయి, అందరు చదువుతరు."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. రాస్తే ఉద్యోగం పోవచ్చునని తెలుసు. 'ఇస్సాకుకు చెయ్యవలసిన పరీక్ష ఇది కాదు. అతను గోలీలు సక్రమంగానే మింగాడు. ఈ పరీక్ష చేసి చీటీ రాసిన మాదే తప్పు' అని రాసి, కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టాడు. ఆమె పెద్దకొడుకును పిలిచి అది గట్టిగా రెండుసార్లు చదివించుకుని, మడిచి బైబిల్లో పెట్టుకుంది.